బెంగళూరులో ‘పర్సనల్ బ్రాండింగ్ ప్యాకేజీ’కి డబ్బు కట్టబోతున్న ఫ్రెషర్లు ఒక్కసారి ఇది చదవండి

మాది అనంతపురం. బీటెక్ అయ్యాక మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కున్నాను. రెండు నెలలు ఒక్క కాల్ కూడా రాలేదు. ఆ టెన్షన్‌లో, మా పీజీకి దగ్గర్లోనే ఉన్న ఒక కన్సల్టెన్సీలో 12,000 కట్టి ఈ ప్యాకేజీ తీసుకున్నాను. పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్, మూడు ప్రాజెక్టులు అన్నీ వాళ్లే చేసిస్తామన్నారు. నాన్న పంపిన డబ్బు అది. మీది అలా పోకూడదనే రాస్తున్నాను.

వారంలో అన్నీ ఇచ్చేశారు. చూడటానికి బాగానే ఉన్నాయి. లింక్డ్‌ఇన్‌లో పేరు కింద ఉండే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల వరకు చోటుంటుంది. అందులో డేటా సైంటిస్ట్, ఫుల్ స్టాక్ డెవలపర్, ఏఐ ఇంజనీర్, టెస్టర్ అని ఖాళీ లేకుండా నింపేశారు. నాకు నిజంగా వచ్చింది చివరిదొక్కటే. అడిగితే, “ఎన్ని పదాలుంటే అన్ని సెర్చ్‌లలో కనిపిస్తావమ్మా” అన్నారు.

కాల్ వచ్చింది, నిజమే. కానీ ఇంటర్వ్యూలో మేడమ్ నా ప్రాజెక్టునే తెరిచారు. టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో అంచనా వేసే ప్రాజెక్టు అది. డేటా సైన్స్ నేర్చుకునేవాళ్లలో చాలామంది మొదట చేసేది అదేనని నాకు అప్పుడు తెలియదు. “891 వరుసల్లో 177 చోట్ల వయసు లేదు కదా, అక్కడ మీడియన్ ఎందుకు నింపారు?” అని అడిగారు. ఆ కోడ్ నేను రాయలేదు, ఏం చెప్పను? తర్వాత ఆవిడ గిట్‌హబ్‌లో కమిట్ హిస్టరీ చూపించారు. ప్రాజెక్టు మొత్తం ఒకే కమిట్‌లో, ఒకే సాయంత్రం పడింది. సొంతంగా చేసిన పని అలా ఉండదు. రోజుల తరబడి, తప్పులూ దిద్దుబాట్లతో ఉంటుంది. పైగా README చివర వేరే అబ్బాయి పేరుంది. “మీకు నిజంగా ఏం వచ్చు?” అన్నారు. పోస్ట్‌మ్యాన్‌తో ఏపీఐ టెస్టింగ్ వచ్చన్నాను. దానిమీద పది నిమిషాలు అడిగారు, చెప్పగలిగాను. ఉద్యోగం రాలేదు కానీ, “ముందు ఇదే పెట్టుకోండి” అన్న ఆవిడ మాట పట్టుకున్నాను.

ఆ రాత్రే మూడు ప్రాజెక్టులూ తీసేశాను. హెడ్‌లైన్‌లో “ఫ్రెషర్, ఏపీఐ టెస్టింగ్, పోస్ట్‌మ్యాన్” అని మాత్రమే ఉంచాను. టెస్టింగ్ నేర్చుకునేవాళ్ల కోసమే నడిపే రెస్ట్‌ఫుల్ బుకర్ అనే హోటల్ బుకింగ్ ఏపీఐ ఉంది. మూడు వారాలు దాన్నే పరీక్షించాను. బుకింగ్‌ను DELETE చేస్తే సర్వర్ నుంచి జవాబుగా 201 అనే స్టేటస్ కోడ్ వస్తుంది. 201 అంటే కొత్తది తయారైందని అర్థం, తొలగించినప్పుడు రావలసింది కాదు. పేరు లేకుండా బుకింగ్ పంపితే 500 వస్తుంది. తప్పు పంపినవాడిదైతే 400 రావాలి, 500 అంటే సర్వరే తడబడినట్టు. ఇలాంటి ప్రతిదానికీ ఏం పంపాను, ఏం రావాలి, ఏం వచ్చింది, అది ఎందుకు తప్పు అని నాలుగు ముక్కలు రాశాను. నా పోర్ట్‌ఫోలియో అంటే ఇప్పుడు ఆ ఒక్క పేజీనే. `username.github.io` రూపంలో గిట్‌హబ్ చిరునామా ఉచితంగానే ఇస్తుంది. కన్సల్టెన్సీ చేసిన వెబ్‌సైట్ డొమైన్ వాళ్ల ఖాతాలోనే ఉందని, రెన్యువల్‌కు మళ్లీ డబ్బు కట్టాలని తర్వాతే తెలిసింది.

ఇలా ఒక్కదానికే పరిమితమైతే కాల్స్ తగ్గుతాయి, ముందే చెబుతున్నా. డేటా సైన్స్ ఉద్యోగాల వాళ్లు నన్ను అడగడం మానేశారు. కానీ తర్వాత వచ్చిన రెండు ఇంటర్వ్యూలలోనూ ఆ 201 గురించే మొదలుపెట్టారు, రెండింటిలోనూ నోరు విప్పి మాట్లాడగలిగాను. రెండోది ఆరు నెలల కాంట్రాక్టు, ఇప్పుడు అక్కడే చేస్తున్నాను.

మీరు ఎవరికైనా డబ్బు కట్టేముందు, వాళ్లు ఇంతకుముందు చేసిన ముగ్గురి ప్రొఫైళ్లు అడగండి. “అబౌట్”లోని ఒక వాక్యాన్ని కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతకండి. నాది వెతికితే అదే వాక్యం ఇంకో నలుగురి ప్రొఫైళ్లలో కనిపించింది. లింక్డ్‌ఇన్ పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వకండి. నేనిచ్చాను. వాళ్లు ఊరూపేరూ తెలియని వందలమందికి రిక్వెస్టులు పంపారు, కొన్ని రోజులు నా ఖాతా ఆగిపోయింది. ఇంకో 5,000 ఇస్తే ఆరు నెలల ఇంటర్న్‌షిప్ లెటర్ కూడా ఇస్తామన్నారు. అది మాత్రం తీసుకోలేదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొంగ లెటర్ దొరికితే, చేతికొచ్చిన ఉద్యోగం కూడా పోతుంది.

డబ్బు వెనక్కి అడిగితే “సర్వీస్ పూర్తయింది” అన్నారు. రసీదు, వాట్సాప్ చాట్ దగ్గర పెట్టుకుని 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. అక్కడి నుంచి జవాబు రాగానే ఇక్కడే రాస్తాను. ఇదే ప్యాకేజీ తీసుకున్నవాళ్లుంటే మీ రసీదులు పారేయకండి.