మూడేళ్లు వాడిన క్రిప్టో వాలెట్, తీసేసే ముందు తెలిసిన సంగతి

ఈ వాలెట్ యాప్‌ను మూడేళ్లు వాడాను. రోజువారీ వాడకంలో పెద్దగా వంక పెట్టడానికి లేదు, పంపడం, అందుకోవడం అన్నీ సాఫీగానే జరిగాయి. హార్డ్‌వేర్ వాలెట్‌కి మారి యాప్ తీసేద్దాం అనుకున్నప్పుడే దీని అసలు లోపం బయటపడింది.

ముందు 0.005 ఈథర్ పంపి చూశాను. యాప్‌లో 'పంపబడింది' అని వచ్చినా అది నమ్మకుండా ట్రాన్సాక్షన్ హ్యాష్ కాపీ చేసి, ఈథర్ లావాదేవీలన్నీ ఎవరైనా చూసుకునే ఈథర్‌స్కాన్ సైట్‌లో వెతికాను. Status దగ్గర Success అని ఉంది. చేరిన అడ్రస్‌ని మాత్రం మొదటి, చివరి నాలుగు అక్షరాలతో సరిపెట్టకుండా మొత్తం పోల్చండి, ఎందుకంటే ఆ అక్షరాలు కలిసేలా దొంగ అడ్రస్‌లు తయారు చేసి మన హిస్టరీలోకి చొప్పించే మోసగాళ్లున్నారు. ఆ తర్వాతే మిగతా ఈథర్ పంపాను.

రెండో అకౌంట్‌లో కొంచెం యూఎస్‌డీటీ ఉంది. దాన్ని తర్వాత చూద్దాంలే, ఎలాగూ 12 పదాల రికవరీ ఫ్రేజ్‌తో తిరిగొస్తుంది కదా అనుకున్నాను. అయినా మనసు ఒప్పక, యాప్ తీసేయకుండానే ఇంకో ఫోన్‌లో ఆ ఫ్రేజ్ కొట్టి చూశాను. మొదట ఫ్రేజ్ తప్పు అంది. నా రాతలో quit అనే పదం quiz లాగా ఉంది, రెండూ రికవరీ ఫ్రేజ్‌లకి వాడే పదాల జాబితాలో ఉన్నవే! 12 పదాల ఫ్రేజ్‌లో తప్పు పదం పడితే దాదాపు 16 సార్లలో ఒకసారి యాప్ పట్టుకోలేదు, వేరే ఖాళీ వాలెట్ తెరుస్తుంది. అందుకే యాప్ ఫ్రేజ్‌ని ఒప్పుకుంటే చాలదు, పాత ఫోన్‌లో కనిపించే అడ్రసే ఇక్కడా రావాలి.

పదం సరిచేశాక మొదటి అకౌంట్ వచ్చింది. రెండోది రాలేదు. చాలాసేపు టెన్షన్ పడ్డాక గుర్తొచ్చింది, అది నేను పాత వాలెట్ నుంచి ప్రైవేట్ కీతో ఇంపోర్ట్ చేసుకున్నది. ఈ యాప్ ఇచ్చిన ఫ్రేజ్‌కీ దానికీ సంబంధమే లేదు. నా దగ్గర ఆ కీ ఇంకెక్కడా లేదు, కాబట్టి అప్పుడే యాప్ తీసేసుంటే ఆ డబ్బు అడ్రస్‌లో కనిపిస్తూనే ఉండేది, ముట్టుకునే దారి మాత్రం ఉండేది కాదు. అకౌంట్ పేరు పక్కన 'ఇంపోర్టెడ్' అని చిన్న అక్షరాల్లో ఉంది, అన్ఇన్‌స్టాల్ ముందు హెచ్చరిక మాత్రం ఏమీ లేదు. నేను స్టార్లు తగ్గించింది దీనికే.

ఆ యూఎస్‌డీటీ కదలాలన్నా ఫీజుకి ఈథర్ కావాలి, అందులో సున్నా ఉంది. కొంచెం ఈథర్ అక్కడికి పంపి, మొత్తం తరలించి, రెండు అడ్రస్‌లూ ఖాళీ అయ్యాయని ఈథర్‌స్కాన్‌లో చూశాను. పాలిగాన్ లాంటి వేరే నెట్‌వర్క్‌ల మీద కూడా అదే అడ్రస్ ఉంటుంది కనుక అక్కడా వెతికాను.

ఖాళీ అయినా పాత అడ్రస్‌కి ఎవరైనా పొరపాటున పంపొచ్చు. అందుకే ఫ్రేజ్‌ని, ఆ ప్రైవేట్ కీని కాగితం మీద విడివిడి అక్షరాల్లో మళ్లీ రాసి రెండు చోట్ల దాచాను, స్క్రీన్‌షాట్ తీయలేదు. రెండో ఫోన్‌లోని వాలెట్ తుడిచేశాక, చివరికి పాత ఫోన్‌లోంచీ యాప్ తీసేశాను.

ఐదుకి మూడు స్టార్లు.