350లో లేపాక్షి అన్నారు, మాకు ఇద్దరికీ 1145 అయింది

ఫోన్‌లో ఒక నిమిషం వీడియోలు చూసీ చూసీ మా అక్కకి లేపాక్షి పిచ్చి పట్టింది. అన్నిట్లోనూ ఒకటే లెక్క: బెంగళూరు నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు, మనిషికి 350 చాలు. "నిజంగా అంతేనా? వెళ్లి మనమే ఒక వీడియో తీద్దాం, ప్రతి రూపాయీ తెర మీద రాద్దాం" అంది. నాకూ శనివారం పనేమీ లేదు. ఆదివారం వద్దనుకోవడానికి కారణం ఉంది: కొన్ని మెమూ రైళ్లు ఆదివారం తిరగవు. టైమింగ్స్ ముందు రోజు చూసుకోకుండా ప్లాట్‌ఫాం మీద నిలబడితే ప్లాన్ అక్కడే ఆగిపోతుంది.

బెంగళూరు మెజెస్టిక్ దగ్గరి స్టేషన్‌లో తెల్లవారుజామున రైలెక్కాం. యలహంక, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా వెళ్తుంది. గౌరిబిదనూరు దాటాక ఆంధ్రా వచ్చేస్తుంది. హిందూపురానికి టికెట్ ముప్పై రూపాయలు. వీడియోలో మా మొదటి అక్షరాలు ఇవి: "రైలు, ఇద్దరికి, వెళ్లడానికి మాత్రమే: రూ. 60". అక్క "రైలు: రూ. 30" అని చాలనుకుంది. నేను ఒప్పుకోలేదు. మనిషికా, ఇద్దరికా, వెళ్లడానికా, రానూపోనూనా అన్నది రాయకపోతే ఆ అంకె ఎవరికీ పనికిరాదు. మేం నమ్మి వచ్చిన వీడియోల్లో చిక్కంతా అక్కడే ఉంది.

స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్టాండుకు షేర్ ఆటో, ఇద్దరికి నలభై. బస్టాండు పక్కన చిన్న బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. రాయలసీమకి వచ్చి ఇడ్లీ తింటే తప్పు. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుట్నాల పొడితో కలిపి వేడివేడిగా పెట్టాడు. బజ్జీలోని మిరపకాయకి అక్క కళ్ల నీళ్లు పెట్టుకుంది. ప్లేటు యాభై, టీ పదిహేను. "టిఫిన్, టీ, ఇద్దరికి: రూ. 130".

తర్వాత బస్సు. హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్ల లోపే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కదా, ఆ ధీమాతోనే ఎక్కాం. కండక్టర్ ఆధార్ అడిగాడు. నాది ఇంకా ఒంగోలు అడ్రస్. సున్నా టికెట్ చింపి చేతికిచ్చాడు. అక్కది పెళ్లయ్యాక హైదరాబాద్ అడ్రస్‌కి మారింది. "అమ్మా, ఈ రాష్ట్రం వాళ్లకేనండీ" అన్నాడు. అక్క ఇరవై ఐదు రూపాయలిచ్చి, దారి పొడవునా బావగారిని తిట్టింది. వీడియోలో ఇలా పెట్టాం: "బస్సు: ఏపీ ఆధార్ ఉన్న ఆడవాళ్లకి 0, మిగతావాళ్లకి 25". కార్డు బ్యాగులో ఉంచుకోండి, లేకపోతే మీకూ టికెట్టే.

లేపాక్షిలో చాలామంది ముందు నందినీ, తర్వాత గుడినీ చూస్తారు. మేం తిరగేశాం. గుడి ఆవరణంతా రాతిపరుపు, కూర్మశైలం అనే బండ మీదే కట్టారు. లోపలికి చెప్పులు వేసుకోకూడదు. పదకొండు దాటితే ఫిబ్రవరిలో కూడా అరికాళ్లు చుర్రుమంటాయి. నంది దగ్గర చెట్లున్నాయి, పచ్చిక ఉంది, మధ్యాహ్నమైనా నిలబడగలం. మందపాటి సాక్సులు తెచ్చుకుని ఉంటే ఇంకా బాగుండేది. ఆ సంగతి మాకు నాగలింగం దగ్గరికి గెంతుకుంటూ వెళ్లాక తట్టింది. చెప్పుల స్టాండు ఇద్దరికి పది రూపాయలు.

గుమ్మం దగ్గర గైడ్ నాలుగొందలు అడిగాడు. ఈ ఒక్క ఖర్చు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ 350 వీడియోలన్నీ ఎగ్గొట్టింది దీన్నే. గైడ్ లేకుండా లోపలికి వెళ్తే జనం ఎటు వెళ్తే మనం అటే వెళ్తాం. జనమంతా వేలాడే స్తంభం దగ్గర ఉంటారు. నాట్యమండపంలో డెబ్బై స్తంభాలుంటే వరస కట్టేది ఆ ఒక్కదాని దగ్గరే. చున్నీ ఒక వైపు నుంచి దూర్చడం, రెండో వైపు నుంచి లాగడం, ఫొటో. మేమూ దూర్చాం. ఒక మూల మాత్రం స్తంభం నేలని తాకే ఉంటుంది, చున్నీ అక్కడ ఆగిపోతుంది. ఐదు నిమిషాల్లో అయిపోయే ముచ్చట.

అసలు చూడాల్సింది తల ఎత్తితే ఉంటుంది. పైకప్పు నిండా విజయనగర కాలం నాటి బొమ్మలు. పదహారో శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగులు, కొన్నిచోట్ల పెచ్చులూడినా గీత మాత్రం చెదరలేదు. ఎవరైనా చెప్పకపోతే ఏ పట్టీలో ఏ కథ ఉందో మనకి అర్థం కాదు. మాతోపాటు దిగిన కర్నూలు కుటుంబాన్ని అడిగితే గైడ్ డబ్బులు సగం పంచుకోవడానికి సరే అన్నారు. మా వాటా రెండొందలు.

గైడ్ ముందు పార్వతీ కల్యాణం చూపించాడు. తర్వాత కిరాతార్జునీయం, అర్జునుడూ కిరాత వేషంలో ఉన్న శివుడూ ఒకే పందికి గురిపెట్టే ఘట్టం. తర్వాత మనునీతి చోళుడి కథ: రాజకుమారుడి రథం కింద దూడ పడితే, ఆవు వచ్చి న్యాయం గంట మోగిస్తుంది. ఈ కథని వరుసగా, బొమ్మ తర్వాత బొమ్మగా గీశారు. ఒక చివర నుంచి నడుచుకుంటూ చదువుకోవాలి. తిరగేసి నడిస్తే ముగింపు ముందొస్తుంది. మేం మొదట అదే చేశాం.

అక్కకి చీరల వ్యాపారం. ఆమె కథలు వదిలేసి బట్టలు చూసింది. ఆ పటాల్లోని ఆడవాళ్ల చీరల మీద ఒక్కొక్కరికీ ఒక్కో డిజైను. గళ్లు, చారలు, పూలు, అంచులు వేరు, కొంగులు వేరు. పక్కనే ఉన్న లతామండపం స్తంభాల మీద కూడా అలాంటి అల్లికలే రాతిలో చెక్కారు. మెడ నొప్పి పుట్టేదాకా అక్క అక్కడే నిలబడింది. పదిహేను సెకన్ల వీడియో తీయబోయి నలభై ఫొటోలు తీసింది. మొబైల్‌కి అభ్యంతరం లేదు, ట్రైపాడ్ మాత్రం కాపలా మనిషి మడిచేయమన్నాడు. పురావస్తు శాఖ వాళ్ల కట్టడాల్లో దానికి విడిగా అనుమతి కావాలి. ఫ్లాష్ వాడకండి, రంగులకి మంచిది కాదు. పైగా ఉదయం ఎండ పక్క నుంచి పడుతుంది, ఆ వెలుగే చాలు.

సగంలో ఆగిపోయిన కల్యాణమండపం దగ్గర విరూపణ్ణ తన కళ్లు తానే పీక్కుని గోడకి విసిరిన కథ చెప్పి, గైడ్ ఎర్రటి మరకలు చూపించాడు. నాకు నమ్మకం కలగలేదు, కానీ కర్నూలు పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఆ రెండొందలు మాకు బాగా గిట్టుబాటయ్యాయి. స్తంభం చూసి వచ్చేద్దామనుకునేవాళ్లకి గైడ్ దండగ.

నందికి నడిచే వెళ్లొచ్చు. ఇరవై ఏడడుగుల పొడవు, ఒకే రాయి, మెడలో గంటల హారం. గుడిలోని నాగలింగం వైపు చూస్తూ ఉంటుంది. చెట్టు నీడన కూర్చుని కొబ్బరిబోండాలు తాగాం, రెండింటికి ఎనభై. మంచినీళ్ల సీసాలు రెండు, నలభై. జటాయువు విగ్రహం ఉన్న కొండ ఎండకి భయపడి మానేశాం. భోజనం అక్కడే చిన్న హోటల్లో, రాగిముద్ద, పప్పు, అన్నం, మజ్జిగ. ప్లేటు వంద. ముద్ద బాగుంది, పప్పు నీళ్లలా ఉంది. రాత్రి ఉండాలనుకునేవాళ్లకి టూరిజం వాళ్ల హరిత హోటల్ లేపాక్షిలోనే ఉంది. హిందూపురం బస్టాండు దగ్గర లాడ్జీలున్నాయి. ఒక్క రోజుకే వచ్చేవాళ్లకి ఏదీ అక్కర్లేదు.

మా లెక్క తప్పింది తిరుగు దారిలో. మధ్యాహ్నం బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. ఎవరిని అడిగినా "వస్తాది, ఇప్పుడే వస్తాది" అంటారు. మామూలు ఆటో వాళ్లు హిందూపురానికి నాలుగొందలు అడిగారు. చివరికి షేర్ ఆటోలో మనిషికి ముప్పై ఇచ్చి, తొమ్మిదో మనిషిగా నేను అంచున వేలాడుతూ వచ్చాను. మేం దిగేసరికి రైలు వెళ్లిపోయింది. తర్వాతి రైలు రాత్రికి. బస్టాండులో ఉన్న బెంగళూరు బస్సెక్కాం, మనిషికి 150. రాష్ట్రం దాటే బస్సు కాబట్టి ఉచితం రూలు ఇక్కడ నాకూ వర్తించలేదు.

బస్సులో కూర్చుని తెర మీద పెట్టాల్సిన ఆఖరి లెక్క టైప్ చేశాం:

"ఇద్దరికి, మెజెస్టిక్ నుంచి మెజెస్టిక్ దాకా
రైలు 60, ఆటో 40, టిఫిన్ 130, బస్సు 25
చెప్పుల స్టాండు 10, గైడ్ (సగం వాటా) 200
కొబ్బరిబోండాలు 80, నీళ్లు 40, భోజనం 200
షేర్ ఆటో 60, తిరుగు బస్సు 300
మొత్తం రూ. 1145"

అంటే మనిషికి 572 రూపాయల యాభై పైసలు. మరి 350 అబద్ధమా అంటే, కాదు. కూర్చుని తీసేసి చూశాం. గైడ్ 200 తీసేయండి. తిరుగు ప్రయాణం కూడా ఆర్టీసీ బస్సులో వచ్చి ఉంటే షేర్ ఆటో మీద 35 మిగిలేది. రైలు దొరికి ఉంటే, స్టేషన్‌కి ఆటోతో కలిపి 300 బదులు 100 అయ్యేది. మిగిలింది 710, మనిషికి 355. ఆ వీడియోల వాళ్ల అంకె దాదాపు నిజమే. కాకపోతే అన్ని బస్సులూ, రైళ్లూ టైముకి దొరికిన రోజు అంకె అది. అందుకే మా వీడియో చివర రెండు అంకెలూ పెట్టాం: "అన్నీ కుదిరితే మనిషికి 355, రైలు తప్పితే, గైడ్‌ని పెట్టుకుంటే 575 దాకా". ఇంకో మాట కూడా ఉంది: మీరు వెళ్తే మధ్యాహ్నం భోజనం కాగానే బస్టాపుకి వచ్చేయండి, రైలు టైముకి కనీసం రెండు గంటల ముందు లేపాక్షి వదలండి.

మెజెస్టిక్‌లో దిగి మెట్రో గేటు దగ్గర కార్డు పెడుతుంటే అక్క ఆగింది. "ఇది రాయలేదే?" అంది. పొద్దున ఇంటి నుంచి వచ్చిందీ రాయలేదు. మనిషికి యాభై, రెండుసార్లు, మొత్తం రెండొందలు. వీడియో అప్పటికే ఎక్కించేసింది.