ఒక్క పేజీ పనులకు లేజర్ ప్రింటర్: స్లీప్ మోడ్‌తో చాలాకాలం వాడాక

విజయనగరంలో మూడు లాంతర్ల వైపు జెరాక్స్ షాపుల్లో వచ్చేవన్నీ చిన్న గిరాకీలే. ఒకరికి ఆధార్ కాపీ, ఇంకొకరికి హాల్‌టికెట్. ఇలాంటి షాపులో వాడుతున్న బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ గురించి ఈ సమీక్ష. ప్రింట్ నాణ్యత బాగుంది, టోనరూ బాగానే వస్తోంది. చిరాకంతా మొదటి పేజీతోనే.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు Sleep Time ఒక నిమిషం మీద ఉంది. అంటే గిరాకీకి, గిరాకీకి మధ్య ప్రతిసారీ నిద్రపోతుంది. టోనర్ పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ రెండొందల డిగ్రీలకు అటూ ఇటూగా వేడెక్కాలి. నిద్రలో అది చల్లారిపోతుంది కాబట్టి మళ్లీ వేడెక్కేదాకా కాగితం కదలదు. పది పేజీల పనిలో ఈ ఆలస్యం తెలియదు. ఒక్క పేజీకే వచ్చినవాళ్లకు మాత్రం వెయిటింగంతా అదే.

ఆలస్యం నిద్ర వల్లేనా అని ముందు తేల్చుకోండి. ప్రింట్ ఇచ్చేముందు ప్యానెల్ మీద OK నొక్కి, యంత్రం చప్పుడు ఆగేదాకా ఉండి, అప్పుడు ఇవ్వండి. పేజీ వెంటనే వస్తే తప్పు నిద్రది. అప్పటికీ నసిగితే బరువైన పీడీఎఫ్‌నో, వైఫైనో చూసుకోవాలి.

Sleep Time పదిహేను నిమిషాలకు మార్చాక పగటిపూట గొడవ దాదాపు పోయింది. మరి కరెంటు? అది ఫ్యూజర్ రకాన్ని బట్టి ఉంటుంది. పలుచని ఫిల్మ్ ఉన్న ఫ్యూజర్ రెడీలో ఉన్నా పెద్దగా వేడి పట్టి ఉంచదు, కాబట్టి ఖర్చు స్వల్పం. లోపల హాలోజెన్ దీపం ఉన్న పాత రోలర్ రకం మాత్రం ఖాళీగా ఉన్నా మధ్యమధ్యలో వేడెక్కుతూనే ఉంటుంది. ఆ సమయంలో షాపులో లైటు క్షణంపాటు మందగిస్తే అదేనని అనుమానించండి. స్పెసిఫికేషన్లలో Ready, Sleep వాట్లు పక్కపక్కనే ఉంటాయి. తేడా యాభై వాట్లనుకుందాం. పది గంటలూ అస్సలు నిద్రపోనివ్వకపోయినా అర యూనిట్టే. యూనిట్ పది రూపాయల లెక్కన రోజుకి ఐదు రూపాయలు. ఒక గిరాకీ పక్క షాపుకి వెళ్లిపోతే పోయేది అంతకన్నా ఎక్కువే.

Auto Off వేరు, దాన్ని స్లీప్ అనుకోకండి. అది పూర్తిగా ఆపేస్తుంది, కంప్యూటర్ నుంచి లేపలేం. దాన్ని తీసేసి, రాత్రి షాపు మూసేటప్పుడు చేత్తో ఆపడమే నయం.

వైఫై మీద ఇంకో తలనొప్పి. గాఢనిద్రలో ఉన్న ప్రింటర్ వెంటనే బదులివ్వకపోతే విండోస్ Offline అని చూపిస్తుంది. ప్రింటర్ TCP/IP పోర్టు మీద ఉంటే Printer properties లో Ports, అందులో Configure Port తెరిచి SNMP Status Enabled దగ్గర టిక్ తీసేయండి, ఆ తప్పుడు కబురు చాలావరకు ఆగుతుంది. ప్రింటర్ కంప్యూటర్ పక్కనే ఉంటే యూఎస్‌బీ కేబుల్ పెట్టేయండి, ఈ బాధే ఉండదు.

కరెంటు పోయొస్తే ఏ సెట్టింగూ కాపాడదు, ఫ్యూజర్ మళ్లీ మొదటినుంచి వేడెక్కాల్సిందే. అలాగని చిన్న యూపీఎస్‌కి తగిలించకండి. వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే వందల వాట్లకు అది కుయ్‌మని ఆగిపోతుంది, పక్కనున్న కంప్యూటర్‌తో సహా.