రీజెన్ బ్రేకింగ్ చాలాకాలం వాడాక: ఒక్కసారి ఆగితే ఎంత వెనక్కొస్తుంది?

ఎలక్ట్రిక్ కారు వేగం తగ్గేటప్పుడు మోటార్‌తోనే దాన్ని ఆపి, ఆ శక్తిని కరెంటుగా బ్యాటరీకి తిరిగి పంపడమే రీజెన్ బ్రేకింగ్. సిటీ ట్రాఫిక్‌లో రీజెన్ చాలా ఉపయోగం. ఒకే వేగంతో సాగిపోయే హైవే మీద దానికి పెద్దగా పనుండదు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడైతే అది ఉన్నట్టే తెలియదు. ఎలక్ట్రిక్ కారు చాలాకాలం వాడాక నా తీర్పు ఇదే. ఇవి మూడు వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి గానీ మూడింటికీ మూలం ఒకటే. అది తెలియాలంటే కారు ఒక్కసారి ఆగినప్పుడు ఏం జరుగుతుందో లెక్క వేసి చూడాలి.

మనుషులతో కలిపి 1,600 కిలోల బరువున్న కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. అంటే సెకనుకు 20 మీటర్లు. ఆ వేగం వల్ల దానిలో ఉన్న శక్తి 320 కిలోజూల్స్. ముందు సిగ్నల్ పడింది, కంగారు లేకుండా 13 సెకన్లలో, సుమారు 130 మీటర్ల దూరంలో ఆపాం. ఆ దూరంలో గాలి, టైర్లు కలిసి ఒక 30 కిలోజూల్స్ తినేస్తాయి. మిగిలిన 290 సంగతే బ్రేకులు చూసుకోవాలి. మామూలు బ్రేకులైతే ప్యాడ్లు డిస్కుల్ని పట్టుకుని ఆ మొత్తాన్నీ వేడిగా మార్చి గాలిలో కలిపేస్తాయి. ఆ వేడి తక్కువేమీ కాదు, లీటరు నీళ్లని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్లేంత. ఒక్క సిగ్నల్ దగ్గర అంత పోతుంది.

రీజెన్‌లో అదే పని మోటార్ చేస్తుంది. చక్రాలు మోటార్‌ని తిప్పుతుంటాయి. బ్యాటరీకీ మోటార్‌కీ మధ్య కరెంటుని మార్చి పంపే ఇన్వర్టర్, మోటార్ కాయిల్స్‌కి కరెంటుని సరిగ్గా ఎదురు తిప్పే క్షణంలో అందిస్తుంది కాబట్టి మోటార్ కారుని లాగడం మానేసి పట్టుకుని ఆపుతుంది, పుట్టిన కరెంటు బ్యాటరీకి వెళ్తుంది. దారిలో గేర్లు కొంత, మోటార్ కొంత, ఇన్వర్టర్ కొంత, బ్యాటరీ కొంత వేడిగా పోగొడతాయి. అన్నీ బాగా పనిచేస్తుంటే చక్రం దగ్గరున్న 290లో 80 శాతం, అంటే సుమారు 230 కిలోజూల్స్ బ్యాటరీలో పడతాయి. కరెంటు లెక్కలో అది 64 వాట్-అవర్లు. కిలోమీటరుకు 150 వాట్-అవర్లు వాడే కారుకి 400 మీటర్ల పైచిలుకు దూరం.

కథ అక్కడితో అయిపోదు. పచ్చ లైటు పడగానే ఆ శక్తి మళ్లీ అదే దారిలో బ్యాటరీ నుంచి చక్రాలకి రావాలి, మళ్లీ ప్రతి చోటా కాస్త పోతుంది. చివరికి చక్రాలకి అందేది 195 కిలోజూల్స్ ప్రాంతం. మొదట ఉన్న 320లో ఇది 60 శాతం. ఆగక ముందు 72లో ఉన్న కారుని, తిరిగి వచ్చిన ఈ శక్తి మాత్రమే గంటకు 56 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లగలదు. పైన కావాల్సింది బ్యాటరీ కొత్తగా పెట్టుకోవాలి. మామూలు బ్రేకులతో పోలిస్తే ఇది గొప్ప లాభం. కానీ బ్రేక్ వేస్తుంటే బ్యాటరీ నిండుతూ ఉంటుందని అనుకోకూడదు. ఖర్చయిన దానిలో కొంత తిరిగి వస్తుంది, అంతే. హైవే మీద ఖర్చు దాదాపు అంతా గాలికీ టైర్లకీ పోతుంది కాబట్టి అక్కడ తిరిగి రావడానికి ఏమీ మిగలదు.

ఈ 60 శాతాన్ని గుర్తుంచుకుంటే కాలు ఎలా వాడాలో దానంతట అదే అర్థమవుతుంది. దూరంగా ఎర్ర లైటు కనిపిస్తే రీజెన్ కన్నా మంచిది కారుని ఊరికే దొర్లనివ్వడం. దొర్లుతున్నప్పుడు శక్తి కరెంటుగా మారి తిరిగి రావాల్సిన పనుండదు, నేరుగా దూరంగా మారుతుంది. వేగం నిజంగా తగ్గించాల్సి వచ్చినప్పుడు రీజెన్. అదీ చాలనప్పుడే డిస్కులు. చాలామంది రీజెన్‌ని గరిష్ఠ స్థాయిలో పెట్టి, ఖాళీ రోడ్డు మీద కూడా యాక్సిలరేటర్‌ని నొక్కుతూ వదులుతూ నడుపుతారు. మీటర్‌లో రీజెన్‌ని చూపే ఆకుపచ్చ గీత ఊగుతుంటే చూడ్డానికి సంతోషంగానే ఉంటుంది, కానీ ఊగిన ప్రతిసారీ నలభై శాతం నష్టం కట్టుకుంటున్నట్టే. ట్రాఫిక్‌లో గరిష్ఠం, ఖాళీ రోడ్డులో కనిష్ఠం అన్నదే నాకు బాగా కుదిరిన పద్ధతి. స్థాయి మార్చే వీలు లేని కార్లలో పవర్ మీటర్ ముల్లు సరిగ్గా సున్నా మీద నిలిచేలా పాదాన్ని పట్టుకుంటే దొర్లినట్టే లెక్క. కాస్త అలవాటు కావాలి.

ఎంత గట్టిగా ఆపుతున్నామన్నది కూడా ముఖ్యమే. పైన చెప్పినట్టు నెమ్మదిగా ఆపితే మొదట్లో మోటార్ మీద పడే పని 40 కిలోవాట్ల చుట్టూ ఉంటుంది. అదే కారుని అదే వేగం నుంచి 5 సెకన్లలో ఆపాలంటే మొదట్లోనే 120 కిలోవాట్లు దాటుతుంది. ఆ కారు మోటార్, బ్యాటరీ 60 కిలోవాట్లకు మించి తీసుకోలేకపోతే మిగతా సగం డిస్కులదే. పైగా శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 72 నుంచి 36కి వచ్చేలోపే మొత్తంలో నాలుగింట మూడు వంతులు తేలిపోతుంది. అందుకని ముందుగానే, పై వేగంలోనే మెత్తగా మొదలుపెట్టాలి. ఆఖర్లో 10 కిలోమీటర్ల వేగం దగ్గర చాలా కార్లు పనిని మామూలు బ్రేకులకి అప్పగిస్తాయి. దాని గురించి బాధపడక్కర్లేదు, అక్కడ మిగిలేది రెండు శాతమే.

మీ కారు బ్రేక్ పెడల్ ఏ రకమో ఒకసారి తెలుసుకోవడం మంచిది. కొన్ని కార్లలో పెడల్ నొక్కితే ముందు రీజెన్ పెరుగుతుంది, అది చాలకపోతేనే ప్యాడ్లు కదులుతాయి. కొన్నిటిలో పెడల్ నేరుగా ప్యాడ్లకే, రీజెన్ అంతా యాక్సిలరేటర్ వదలడంలోనే. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు రీజెన్‌ని తక్కువ స్థాయిలో పెట్టి, మీటర్ చూస్తూ పెడల్‌ని సుతారంగా నొక్కండి. ఆకుపచ్చ గీత ఇంకా పొడవైతే మొదటి రకం. కదలకపోతే రెండోది, అలాంటి కారులో పెడల్ ముట్టుకున్న ప్రతిసారీ శక్తి పోతున్నట్టే.

ఇక రీజెన్ చేతులెత్తేసే సందర్భాలు. పుట్టిన కరెంటుకి చోటు కావాలి. బ్యాటరీ 100 శాతం ఉంటే చోటు లేదు, ఛార్జ్ నిండుకి దగ్గరైనప్పుడు బ్యాటరీలోని సెల్స్ గట్టి కరెంటుని తీసుకోలేవు కూడా. చలిలో ఇంకో ఇబ్బంది ఉంది. చల్లబడ్డ సెల్‌లోకి వేగంగా కరెంటు తోస్తే లిథియం, తనని దాచుకునే గ్రాఫైట్ పొర లోపలికి పోలేక ఆ పొర పైనే లోహంగా పేరుకుపోతుంది, బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. అది జరగకుండా కారే రీజెన్‌ని తగ్గించేస్తుంది. స్క్రీన్ మీద చుక్కల గీతగానో, బూడిద రంగు భాగంగానో, చిన్న హెచ్చరికగానో కనిపించేది అదే. రిపేరు కాదు, సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తక్కర్లేదు. బ్యాటరీ కొంచెం ఖాళీ అయ్యాక, వెచ్చబడ్డాక దానంతట అదే తిరిగి వస్తుంది.

ఇది బాగా తెలిసొచ్చేది కొండ దిగేటప్పుడు. పైన చెప్పిన కారే 300 మీటర్ల ఎత్తు నుంచి 5 కిలోమీటర్ల ఘాట్ రోడ్డులో, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దిగుతోందనుకోండి. ఎత్తు వల్ల వచ్చే శక్తి 1.3 కిలోవాట్-అవర్. టైర్లు, గాలి తీసుకున్నది పోను ఒకటి దాకా మిగులుతుంది, అందులో 0.8 బ్యాటరీకి చేరుతుంది. మోటార్ మీద పడేది 10 కిలోవాట్లే, దానికది శ్రమే కాదు. కానీ కొండ మీదే ఫుల్ ఛార్జ్ చేసి బయల్దేరితే ఆ శక్తంతా డిస్కుల్లోకే పోతుంది. యాక్సిలరేటర్ వదిలితే ఆగే అలవాటున్న పాదానికి ఆరోజు కారు ఆగడం లేదనిపిస్తుంది. కొండ మీద ఛార్జ్ చేసేవాళ్లు 85, 90 శాతం దగ్గర ఆపేసి బయల్దేరితే చాలు. కొన్ని కార్లు రీజెన్ లేనప్పుడు పాదం వదలగానే తామే ప్యాడ్లు వేసి అదే అనుభూతి ఇస్తాయి. హాయిగానే ఉంటుంది, కానీ అందులో వెనక్కొచ్చేది ఏమీ లేదు. మీటర్ చూస్తేనే తెలుస్తుంది.

ఎక్కువమందిని భయపెట్టేది గుంతల దగ్గర జరిగేది. మెత్తగా ఆపుతూ గతుకు మీదికి వెళ్లగానే కారు ఒక్క క్షణం ముందుకు దూకినట్టు అనిపిస్తుంది. నిజానికి అది వేగం పెంచుకోలేదు. చక్రం గాల్లో తేలి జారినట్టు సెన్సర్ చెప్పగానే కంట్రోలర్ రీజెన్ తీసేసి పనిని మామూలు బ్రేకులకి ఇస్తుంది. ఈ చేతులు మారడంలో కొద్ది క్షణం పట్టు సడలుతుంది. ఆ క్షణంలో చేయాల్సింది పెడల్‌ని ఇంకాస్త గట్టిగా నొక్కడమే, అక్కడినుంచి ప్యాడ్లు పూర్తిగా అందుకుంటాయి. తడి రోడ్డు మీద, ఇసుక మీద రీజెన్ స్థాయి ముందే తగ్గించుకుంటే ఇది చాలావరకు రాదు, ఎందుకంటే ఒకే మోటార్ ఉన్న కారులో రీజెన్ రెండు చక్రాల మీదే పడుతుంది.

ప్యాడ్లు అరగకపోవడం రీజెన్ ఇచ్చే పెద్ద లాభమని అందరూ చెబుతారు, నిజమే. కానీ వాడని ఇనుము తుప్పు పడుతుంది. మామూలు కారులో ప్రతి బ్రేక్‌కీ డిస్క్ తుడుచుకుంటుంది, ఇక్కడ ఆ అవకాశమే రాదు. వాన తర్వాత పొద్దున్నే మొదటి ఒకటి రెండు బ్రేకులకి గరగర శబ్దం వచ్చి పోతే అది పైపై తుప్పే. రోజంతా శబ్దం వస్తున్నా, పెడల్ కింద అదురు తెలుస్తున్నా, డిస్క్ మీద మెరిసే పట్టీ సన్నగా మారి రెండు అంచుల్లో ఎర్రగా గరుకుగా ఉన్నా లోతుగా పట్టిందని అర్థం. ముఖ్యంగా వెనక చక్రాలు చూడాలి, వాటికి ఎప్పుడూ పని తక్కువే.

దీనికి మందు సులువు. వారానికోసారి, ముందూ వెనకా ఎవరూ లేని తిన్నటి రోడ్డులో, 70 ప్రాంతంలో N గేర్‌లోకి మార్చండి. రీజెన్ ఆగిపోతుంది, ఆపే పని మొత్తం ప్యాడ్లదే అవుతుంది. గట్టిగానే బ్రేక్ వేసి 20కి తెచ్చి, D లోకి వచ్చి, ఇలా నాలుగైదుసార్లు చేస్తే డిస్క్ తేటబడుతుంది. N పెడితే రీజెన్ పోతుందో లేదో ముందు మీ కారు మాన్యువల్‌లో చూసుకోండి.

సర్వీస్‌లో ప్యాడ్ మందం చూసి బాగుందని పంపేస్తుంటారు. మందంతో పాటు, ప్యాడ్లని డిస్క్ మీదికి నొక్కే కాలిపర్ పిన్నులు ఊడదీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టమని అడగండి, ఎందుకంటే ఈ కార్లలో ప్యాడ్ అరిగి చెడిపోవడం కన్నా పిన్ను బిగుసుకుపోయి ఒక పక్కే అరిగిపోవడం ఎక్కువ. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా కిలోమీటర్లతో సంబంధం లేకుండా తేమ పీల్చుకుంటూనే ఉంటుంది. ప్యాడ్లు కొత్తవాటిలా ఉన్నాయి కదా అని దాన్ని వాయిదా వేయొద్దు, మాన్యువల్ చెప్పిన గడువుకే మార్పించండి.