టిప్పర్‌కి 5 యూనిట్లు అని చెప్పి మొరం పోసేవాళ్లతో జాగ్రత్త. నా 3 ట్రిప్పుల లెక్క చూడండి

నిన్న పొద్దున జరిగింది ఇది. ఇంకా చెయ్యి వణుకుతోంది, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఘట్‌కేసర్ వైపు ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లందరి ఫోన్లలో ఆ మొరం ఆయన నంబర్ ఉంటుంది. పేరు రాయను. చదువుతుంటే ఎవరో మీకే తెలుస్తుంది.

మా గేటు నుంచి పోర్టికో దాకా కారు దారి 60 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. రోడ్డు లెవెల్ పెరిగింది కాబట్టి అడుగున్నర లేపాలి. మేస్త్రీ దారం కట్టి చూపించాడు. 60ని 12తో, దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే 1,080 సీఎఫ్‌టీ. ఇది రోలర్ తిప్పి గట్టిపడ్డాక ఉండాల్సిన మొరం. బండిలో వచ్చేది వదులు మొరం కాబట్టి అంతకంటే ఎక్కువే తెప్పించుకోవాలని మేస్త్రీ ముందే చెప్పాడు. ఈయనకి ఫోన్ చేస్తే, "మన పది టైర్ల బండిలో 5 యూనిట్లు పడుతుంది సార్, మూడు ట్రిప్పులు చాలు, మిగులుతుంది కూడా" అన్నాడు. యూనిట్ అంటే 100 సీఎఫ్‌టీ. ట్రిప్పుకి 8,500 చొప్పున మూడింటికీ ముందే ఫోన్‌పే కొట్టేశాను. అక్కడే మొదటి తప్పు చేశాను.

పగలు బండ్లు ఆపుతారని చెప్పి రాత్రి 11 దాటాక పంపాడు. చీకట్లో, పైన పట్టా కప్పి ఉంది. వెనక నుంచి చూస్తే కుప్ప అంచు దాటి కనిపించింది. అంతే చూసి దింపించుకున్నాను. తొట్టిలోకి తొంగి చూడలేదు, టేపు పట్టలేదు. రెండో రోజు జేసీబీతో పరిచాం. 8 అంగుళాల మందాన ఒక పొర వేసి, నీళ్లు కొట్టి, రోలర్ తిప్పి, ఆ పైన ఇంకో పొర, ఇలా పద్ధతిగానే చేశాం. అంతా అయ్యాక దారం దగ్గర స్కేలు పెడితే అరడుగు తక్కువ. అడుగున్నర రావాల్సిన చోట ఒక్క అడుగే వచ్చింది.

ఫోన్ చేస్తే తడుముకోకుండా జవాబిచ్చాడు. "రోలర్ తిప్పితే దిగుతుంది కదా సార్. పైగా మీ నేల తాగేసింది. ఇంకో ట్రిప్పు వేయించుకోండి." నమ్మాను. మొరం దిగుతుందని నాకూ తెలుసు, ఎంత దిగుతుందో తెలియదు. ఆ తెలియనితనం మీదే ఈ వ్యాపారం అంతా నడుస్తోంది. నాలుగో ట్రిప్పుకి 2,000 అడ్వాన్స్ కూడా పంపాను.

ఆ సాయంత్రం నాన్న ఊరుకోలేదు. మిగిలిన మొరం కొంచెం తీసుకుని, నిట్టనిలువుగా ఉన్న ఒక రేకు డబ్బాలో వదులుగా 13 అంగుళాలు కొలిచి పోశారు. దాన్ని మళ్లీ బయటికి తీసి, నీళ్లు చిలకరించి, మూడు పొరలుగా అదే డబ్బాలో వేస్తూ ఇనుప దిమ్మిసతో కొట్టారు. ఇక దిగనంత గట్టిపడ్డాక కొలిస్తే 10 అంగుళాలు. అంటే 10 అంగుళాల గట్టి మొరం కావాలంటే 13 అంగుళాల వదులు మొరం పోయాలి, 30 శాతం ఎక్కువ. మొరానికి ఎక్కడైనా ఇంచుమించు ఇంతే, నాలుగో వంతు నుంచి 30 శాతం దాకా అదనం పడుతుంది. కంకర అయితే ఇంత దిగదు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. 13 అంగుళాల్లో 3 దిగితే అది 23 శాతం. దాన్ని పట్టుకుని, కావాల్సిన దానికి 23 శాతం కలుపుకుంటే మళ్లీ తక్కువే పడుతుంది. దిగే శాతం వేరు, కలపాల్సిన శాతం వేరు. గట్టి లెక్కని 1.3తో గుణించండి, అది చాలు. నా 1,080ని గుణిస్తే 1,404 వదులు సీఎఫ్‌టీ. ఆయన చెప్పినట్టు మూడు బండ్లలో 1,500 వచ్చి ఉంటే నిజంగానే మిగలాలి.

ఇంకో వైపు నుంచి చూడండి, మోసం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నా దారి 720 చదరపు అడుగులు. 1,500 సీఎఫ్‌టీ వదులు మొరం దాని మీద పరిస్తే 25 అంగుళాల మందం రావాలి. అది 12 అంగుళాలకి దిగిందంటే సగం కంటే ఎక్కువ మాయమైనట్టు. ఏ రోలర్ తిప్పినా మొరం సగానికి దిగదు. నేల తాగడం అంటారా, బురద నేల అయితే మొదటి పొర కొంత లోపలికి పోతుంది, కాదనను. మాది అప్పటికే లారీలు తిరిగి బండలా అయిన నేల.

అందుకని నిన్న పొద్దున నాలుగో బండి రాగానే దింపనివ్వలేదు. ఈసారి పగలే వచ్చింది. పట్టా తీయించి, పక్కన నిచ్చెన వేసుకుని టేపుతో పైకెక్కాను. తొట్టి లోపలి కొలతలు పొడవు 14, వెడల్పు 7, గోడ ఎత్తు 4 అడుగులు. అంచు దాకా సమంగా నింపినా 392 సీఎఫ్‌టీ. 5 యూనిట్లు అసలు ఆ తొట్టిలో పట్టాలంటే అంచు మీద ఇంకో అడుగు ఎత్తున మొత్తం పరచాలి. అలా ఏ బండీ రోడ్డు మీద పోలేదు.

అది నిండుగా కూడా లేదు. వెనక తలుపు దగ్గర మాత్రం కుప్ప అంచు దాటి ఉంది. ముందు మూలల్లో అంచు నుంచి అడుగున్నర లోతున ఉంది. పక్కల్లో 10 అంగుళాలు దిగువన, మధ్యలో అంచుకి సమంగా. పది చోట్ల కొలిచి సగటు తీస్తే అంచు కింద 9 అంగుళాల ఖాళీ. అంటే 14ని 7తో, దాన్ని 3.25తో గుణిస్తే 318 సీఎఫ్‌టీ. మూడు యూనిట్ల పైచిలుకు. రాత్రి వచ్చిన మూడూ ఇలాగే వచ్చి ఉంటే 955. దాన్ని 1.3తో భాగిస్తే 735, నా 720 చదరపు అడుగుల మీద సరిగ్గా ఒక అడుగు. స్కేలు చూపించింది కూడా అదే. నాకు అప్పటిదాకా ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది.

ఫోన్ చేస్తే బైక్ మీద వచ్చాడు. టేపు చూపించి, కాగితం మీద రాసిన లెక్క చూపించి, గొంతు పెంచకుండానే అడిగాను. 25 అంగుళాలు 12 ఎలా అయ్యాయో ఒక్కటి చెప్పండి అన్నాను. నా వైపు చూడనే లేదు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న నాన్న వైపు తిరిగి, "పెద్దాయనా, కొడుకుని చదివించారు గానీ మట్టి సంగతి నేర్పినట్టు లేరు. మట్టిని ఎవరైనా బంగారంలా తూచి కొంటారా?" అన్నాడు. కాలనీ వాళ్లు నలుగురు నిలబడి చూస్తున్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి, రాత్రి టార్చిలైటు పెట్టుకుని డబ్బాలో మొరం కొట్టి కొలిచిన మనిషి, ఒక్క మాట అనలేదు. లేచి లోపలికి వెళ్లిపోయారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ ఒక్క క్షణానికి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. డ్రైవర్‌కి చెయ్యి ఊపి, "లెక్కలు చెప్పేవాళ్లకి మన బండి వద్దు" అని నిండు బండి వెనక్కి తిప్పించుకుపోయాడు. 2,000 ఇవ్వలేదు. మధ్యాహ్నం నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు.

ట్రిప్పుకి 181 చొప్పున మూడు ట్రిప్పుల్లో 545 సీఎఫ్‌టీ దాకా తగ్గింది. ఆయన రేటు ప్రకారమే సీఎఫ్‌టీకి 17 రూపాయలు. అంటే 9 వేల పైన మొరం పోయింది, అడ్వాన్స్ 2,000 పోయింది, రోలర్ మళ్లీ తెప్పించాలి.

ఈ సంగతి నాకు మొదటి రోజే తట్టి ఉండాల్సింది. పది టైర్ల బండికి సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకానే అనుమతి. ఖాళీ బండే 10, 11 టన్నులుంటుంది. మిగిలేది 17, 18 టన్నులు. వదులు మొరం యూనిట్‌కి నాలుగున్నర టన్నుల దాకా తూగుతుంది కాబట్టి, నిబంధన ప్రకారం నాలుగు యూనిట్లకి లోపే. 5 యూనిట్లు అని ఎవరైనా అన్నారంటే అబద్ధమైనా చెబుతుండాలి, ఓవర్‌లోడైనా వేస్తుండాలి. ఇంజనీరింగ్ చదివి ఈ చిన్న గుణకారం చేసుకోనందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

మిగిలిన అరడుగుకి ఇవాళ వేరే ఆయన దగ్గర ట్రాక్టర్ మాట్లాడాను. ట్రాలీ తొట్టి 10 అడుగులు, 6 అడుగులు, అడుగున్నర, అంచుకి సమంగా నింపితే 90 సీఎఫ్‌టీ. నాకు ఇంకా 345 గట్టి, అంటే 448 వదులు కావాలి. ఐదు ట్రాలీలు. రేటు కొంచెం ఎక్కువే, కానీ టేపు పట్టుకుంటానంటే ఆయనే తొట్టి ఎక్కి ఇటు చివర పట్టుకున్నాడు.

మొరం చెప్పుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ట్రిప్పు లెక్కన కాకుండా సీఎఫ్‌టీ లెక్కన మాట్లాడుకోండి, డబ్బు కొలిచాకే ఇవ్వండి. పగలే తెప్పించుకోండి. పగలు కుదరకపోతే బండి వస్తున్న దారిలో ఉన్న వేబ్రిడ్జి చీటీ అడగండి, నిండు బరువూ ఖాళీ బరువూ రెండూ. దింపేశాక తొట్టిలో చూడండి, తడి మొరం అయితే ముందు మూలల్లో అతుక్కుని తిరిగి వెళ్లిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పరిచాక రోలర్ తిప్పకముందే ప్రతి పొర మందం నాలుగు చోట్ల కొలిచి ఫోటో తీసి పెట్టుకోండి. రోలర్ తిరిగాక తగ్గింది లోడా, దిగడమా అన్నది మీరు ఎవరికీ నిరూపించలేరు. నేను ఆ ఫోటో తీయలేదు.

ఆ నంబర్‌కి రేపటికి చెప్పుకున్నవాళ్లు ఉంటే ఈ రాత్రే క్యాన్సిల్ చేసుకోండి. బండి నంబర్, తొట్టి కొలతల ఫోటోలు నా దగ్గర ఉన్నాయి, కావాలంటే అడగండి, పంపిస్తాను.