13 ఏళ్లుగా సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత: ట్యాంకు నిండిందని ఎప్పుడు అనుకోవాలి?

మా ఇంటికి సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ఇంకుడు గుంత కట్టించి 13 ఏళ్లయింది. మొదటి ఆరేళ్లూ ఆ మూతల వైపు కూడా చూడలేదు. తర్వాత రెండేళ్లలో రెండుసార్లు ట్యాంకర్ పిలిచాను. అందులో ఒకసారి పిలవడం పూర్తిగా వృథా, ఎందుకంటే చెడిపోయింది ట్యాంకు కాదు. ఆ తేడా తెలియక ఎంత టెన్షన్ పడ్డానో గుర్తుంది కాబట్టి, ఇప్పుడు తెలిసినంతా రాస్తున్నాను.

మా ట్యాంకు లోపలి కొలత 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు. నీళ్లు నిలిచే లోతు 1.2 మీటర్లు. అంటే 2400 లీటర్లు. మధ్యలో అడ్డుగోడ ఉంది. మొదటి గది ట్యాంకులో మూడింట రెండు వంతులు, రెండో గది ఒక వంతు. ఇంట్లో ఐదుగురం, రోజుకు సుమారు 500 లీటర్లు అందులోకి వెళ్తాయి.

లోపల జరిగే పని వినడానికి చాలా సాదా. వచ్చిన మురుగు కదలకుండా నిలబడితే బరువైనది అడుగుకు దిగి మడ్డి అవుతుంది. నూనె, జిడ్డు లాంటి తేలికైనవి పైకి తేలి తెట్టు కడతాయి. ఆ రెండింటి మధ్య కాస్త తేటపడిన నీరు ఉంటుంది. కొత్త మురుగు ఎంత లోపలికి వస్తే అంత మధ్య నీరు అవతలి పైపు గుండా ఇంకుడు గుంతలోకి పోతుంది. గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా మడ్డిలో చాలా భాగాన్ని తినేస్తుంది, మిగిలినది ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ట్యాంకు నుంచి పోయే నీరు కంటికి తేటగా కనిపించినా శుభ్రమైన నీరు కాదు. దాన్ని వడగట్టి శుభ్రం చేసేది గుంత చుట్టూ ఉన్న మట్టి.

ఈ ఏర్పాటులో నేను అస్సలు పట్టించుకోని చిన్న వస్తువు ఒకటుంది, బయటికి పోయే పైపుకు ఉండే T ఆకారపు టీ ముక్క. దాని కింది కాలు నీటి మట్టం నుంచి దాదాపు 40 సెంటీమీటర్ల లోతుకు దిగి ఉంటుంది. పైన తెట్టునూ, అడుగున మడ్డినీ వదిలేసి మధ్యలోని నీటిని మాత్రమే పైపులోకి తీసుకునేది అదే. అది లేకపోతే తెట్టు నేరుగా గుంతలోకి జారుతుంది. మా కథంతా ఈ ముక్క దగ్గరే మలుపు తిరిగింది.

ఆరో ఏడాది చివర్లో కింది అంతస్తు టాయిలెట్‌లో నీళ్లు పోసినప్పుడల్లా గుడగుడమని చప్పుడు మొదలైంది. నీరు వెంటనే దిగకుండా ఒక్క క్షణం ఆగి, బుడగలు వదిలి, అప్పుడు దిగేది. పై అంతస్తులో ఏ ఇబ్బందీ లేదు. ట్యాంకర్ వచ్చి మూత తెరిస్తే, మొదటి గదిలో తెట్టు గట్టిపడి పైపు నోటిని దాదాపు మూసేసి ఉంది. ఖాళీ చేయించగానే చప్పుడు పోయింది. అప్పటినుంచి నా బుర్రలో ఒక లెక్క స్థిరపడిపోయింది: గుడగుడ అంటే ట్యాంకు నిండినట్టు, ట్యాంకర్ పిలవాలి.

ఎనిమిదో ఏడాది వానాకాలంలో మళ్లీ అదే చప్పుడు. మళ్లీ ట్యాంకర్ వచ్చింది, ఖాళీ చేసింది. ఐదు రోజుల తర్వాత మూత ఎత్తి చూస్తే ట్యాంకు నిండా నీళ్లు. నా గుండె జారింది. ఎనిమిదో రోజుకి కింది టాయిలెట్ పూర్తిగా ఆగిపోయింది. ట్యాంకర్ వాళ్లు సగమే తోడి వెళ్లారని నమ్మి, ఇల్లు కట్టిన మేస్త్రీకి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నంత పని చేశాను.

ఆయన వచ్చి మూత తీసి, కాసేపు దూరంగా నిలబడి, తర్వాత టార్చి వేసి చూశాడు. "సార్, ఐదో రోజుకి నిండటం తప్పు కాదండీ. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది. మీరు రోజుకు 500 లీటర్లు పోస్తుంటే 2400 లీటర్లు నిండటానికి ఎన్ని రోజులు పడుతుంది? నీళ్లు ఎంత ఎత్తు వరకు ఉన్నాయన్నదే చూడాలి" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు విషయం అర్థమైంది. బాగా ఉన్న ట్యాంకులో నీటి మట్టం బయటికి పోయే పైపు అడుగు అంచు దగ్గర ఉంటుంది, అంతకు తక్కువా కాదు, ఎక్కువా కాదు. మా ట్యాంకులో ఆ పైపు నోరు పూర్తిగా మునిగి, దానిపైన జానెడు నీరు నిలిచి ఉంది. అంటే నీరు బయటికి పోవడం లేదు. తప్పు ట్యాంకుది కాదు, గుంతది, లేదంటే ఆ రెంటి మధ్య పైపుది.

ఒకవేళ టాయిలెట్ ఆగిపోయినా ట్యాంకులో మట్టం మామూలుగానే ఉంటే, అడ్డు ఇంటికీ ట్యాంకుకీ మధ్య ఉన్న పైపులో ఉన్నట్టు. అప్పుడు ట్యాంకర్‌తో పని లేదు, ఆ లైను శుభ్రం చేస్తే చాలు. ఒక్క సింకో, ఒక్క టాయిలెట్టో మాత్రమే నెమ్మదిగా పోతుంటే దాని సొంత ట్రాప్‌లో అడ్డు ఉందేమో ముందు చూడాలి. ఇంట్లో అన్నీ కలిసి మొండికేస్తున్నాయంటేనే, అదీ కింది అంతస్తువి ముందుగా మొండికేస్తేనే, ట్యాంకు మూత ఎత్తాలి. ఇక మట్టం పైపు కంటే బాగా కిందికి పడిపోయి అలాగే ఉంటే ట్యాంకు గోడో, అడుగో కారుతున్నట్టు. దాన్ని అస్సలు వదిలేయకూడదు, శుద్ధి కాని మురుగు నేరుగా భూమిలోకి పోతుంది.

మా గుంత మూత తీస్తే అంచుల దాకా నల్లటి నీరు. గుంతను సిమెంటు పూయని ఇటుకలతో, మధ్యలో సందులు వదిలి కట్టారు. ఆ సందుల్లో నల్లగా, జారుడుగా, పాచిలాంటి పొర పట్టింది. తర్వాత నీరు తోడించాక, మేస్త్రీ పైనుంచి కర్రతో గోడను గీస్తే ఆ పొర ముద్దగా ఊడింది. గుంత చుట్టూ నేల కూడా కొన్నాళ్లుగా మెత్తగా ఉందని, అక్కడ గడ్డి మిగతా చోటికంటే పచ్చగా ఏపుగా పెరుగుతోందని మా ఆవిడ అంతకుముందే చెప్పింది. వానల వల్ల అనుకుని నేనే కొట్టిపారేశాను. ఎండాకాలంలో కూడా ఆ మచ్చ ఆరలేదని తర్వాత గుర్తొచ్చింది.

కారణం ట్యాంకులోనే దొరికింది. టీ ముక్క కింది కాలు విరిగి ఊడిపోయింది. ఎప్పుడు ఊడిందో తెలియదు కానీ, తెట్టులోని జిడ్డు చాలాకాలం గుంతలోకి జారి, ఇటుక సందులనూ చుట్టూ మట్టినీ మూసేసింది. ఎనిమిదో ఏడాది ట్యాంకర్‌తో తోడించినందుకు నాకు ఐదారు రోజుల ఊపిరి దొరికింది, అంతే. కొత్త గుంత తవ్వించి, టీ మార్పించి, ట్యాంకు నుంచి వచ్చే పైపును ఒక చిన్న చాంబరు దగ్గర రెండుగా చీల్చించాను. ఇప్పుడు ఏడాది ఒక గుంత, ఏడాది మరో గుంత పని చేస్తాయి. వదిలేసిన గుంత ఆరి, గాలి తగిలి, ఆ పొర చాలావరకు క్షీణిస్తుంది. పాతది మళ్లీ నీళ్లు పీల్చుకుంటోంది, కొత్తదానంత వేగంగా కాకపోయినా.

అప్పటినుంచి చప్పుడు కోసం ఎదురుచూడటం మానేశాను, ఏడాదికోసారి మడ్డి కొలుస్తున్నాను. పొడవాటి కర్రకు చివరి మీటరు మేర తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి, తెట్టును పక్కకు నెట్టి మెల్లగా అడుగు తగిలే దాకా దించుతాను. రెండు మూడు నిమిషాలు ఉంచి నిదానంగా పైకి తీస్తే, మడ్డి ఉన్నంత మేర గుడ్డ నల్లగా మరకపడి ఉంటుంది, పైన లేత బూడిద రంగు. ఆ గీత చాలా స్పష్టంగా కనబడుతుంది. తెట్టు మందానికి చివర వంచిన సన్నటి కడ్డీ వాడతాను. దాన్ని తెట్టు కిందికి దించి పైకి లాగుతుంటే వంపు తెట్టు అడుగుకు తగిలి ఆగుతుంది.

కిందటేడాది, అంటే ఎనిమిదో ఏట ఖాళీ చేయించాక నాలుగేళ్లకు, మొదటి గదిలో మడ్డి 40 సెంటీమీటర్లు, తెట్టు 9 సెంటీమీటర్లు వచ్చాయి. రెండో గదిలో మడ్డి 10 సెంటీమీటర్లే. మొత్తం కలిపితే దాదాపు 720 లీటర్లు, మనిషికి ఏడాదికి 36 లీటర్లు. మడ్డి, తెట్టు కలిసి ట్యాంకులో మూడో వంతుకు చేరితే ఖాళీ చేయించాలి. మాకది 800 లీటర్లు. ఏడాదికి 180 లీటర్ల లెక్కన మరుసటి కొలతకు అది దాటిపోతుంది కాబట్టి ఆ నెలలోనే ట్యాంకర్ పిలిచాను. అప్పటికి చప్పుడు లేదు, వాసన లేదు, ఏ గుర్తూ లేదు. గుర్తులు కనిపించే సమయానికి మడ్డి గుంతలోకి వెళ్లడం మొదలై ఉండొచ్చు, గుంత మళ్లీ బాగుపడటం ట్యాంకు ఖాళీ చేసినంత తేలిక కాదు. ఖాళీ చేసేటప్పుడు రెండు మూతలూ తీయించి, రెండు గదులూ తోడించాలి, తర్వాత లోపలికి వచ్చే పైపుదీ, బయటికి పోయే పైపుదీ టీ ముక్కలు రెండూ ఉన్నాయో లేదో టార్చి వేసి చూడాలి. గుంతలోని నీరు పైపు గుండా ట్యాంకులోకి వెనక్కి కారుతుంటే గుంత మూసుకుపోతోందని అనుకోవాలి, లేదా భూగర్భ నీటి మట్టం పైకి వచ్చిందని.

బ్యాక్టీరియా పొడులు ఒకసారి కొని వేశాను. మడ్డి కొలతలో తేడా కనబడలేదు. మళ్లీ కొనలేదు. తడి తుడుపు గుడ్డలు, వాడేసిన నూనె పోయకుండా చూడటమే ఎక్కువ పనిచేసింది.

కొలిచేటప్పుడు నేను మూత తీసి అరగంట అలాగే వదిలేస్తాను. ముఖం మూతపైకి వంచను, దగ్గర్లో ఎవరినీ బీడీ, సిగరెట్ వెలిగించనివ్వను, పిల్లల్ని ఇంట్లోనే ఉంచుతాను. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి లేకుండా మూత తీయను. ట్యాంకులోకైనా గుంతలోకైనా ఎవరినీ దిగనివ్వను, నీరంతా తోడేసి ఖాళీగా కనిపించినా సరే. హైడ్రోజన్ సల్ఫైడ్ అక్కడ ఎక్కువగా ఉంటే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, మనిషి రెండు మూడు శ్వాసల్లో పడిపోవచ్చు. పడినవారిని తీయడానికి దిగినవారు కూడా అలాగే పోతారు. మా ట్యాంకర్ కుర్రాడు ఒకసారి మూలలో మడ్డి ఉండిపోయిందని దిగబోతే ఆపాను. పైనుంచే నీళ్లు కొట్టి కదిలించి మళ్లీ తోడాడు, ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది.