బంతి భోజనమా, బఫేనా: పెళ్లిలో ఏది తక్కువ పారేయిస్తుంది?

బఫేలో ఎవరికి కావలసింది వాళ్లే పెట్టుకుంటారు, కాబట్టి వృథా ఉండదని మా ఇంట్లో అందరం నమ్మాం. అందుకే చెల్లెలి పెళ్లికి బఫే పెట్టించాం. తిన్న ప్లేట్లు వేసే టబ్బుల దగ్గర అరగంట నిలబడ్డాక నా అభిప్రాయం మారింది. ముట్టని గారెలు, ఒక్కసారి కొరికిన స్వీట్లు, పులిహోర మీదికి కారిన సాంబారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

తప్పు తిన్నవాళ్లది మాత్రమే కాదు. పొడవాటి లైను ఒక్కటే ఉంటే, మళ్లీ వచ్చి నిలబడాలన్న భయంతో ఎవరైనా అన్నీ ఒకేసారి పెట్టుకుంటారు. బంతిలో ఆ తొందర ఉండదు, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. కానీ అక్కడ వేరే చిక్కు: మనిషి కూర్చోకముందే ఆకు నిండా వడ్డించేస్తారు. వద్దన్నా ఆగరు. కూర్చున్నాక, అడిగి, కొంచెం కొంచెంగా వడ్డిస్తే మాత్రం బంతే మేలు. రెండు వందల మంది లోపు పెళ్లికి నేను అదే చెబుతాను.

అయిదొందల మంది వస్తే అలా వడ్డించడానికి మనుషులు చాలరు. అప్పుడు బఫేనే పెట్టండి, కానీ ఒకే రకం కౌంటర్లు రెండు మూడు చోట్ల ఉండాలి. స్వీటు, గారె, బిరియాని మనిషి వడ్డించాలి. మిగతావి వాళ్లే పెట్టుకోవచ్చు.

ఇంతకంటే పెద్ద నష్టం వంటశాలలో ఉంటుంది. మూడు రకాల స్వీట్లు చెబితే, కేటరర్ ఒక్కోటీ అయిదొందల చొప్పున పదిహేను వందలు చేయిస్తాడు. స్వీట్లు పెరిగాయని తినేవాళ్ల ఆకలి పెరగదు కదా. ఒక్క స్వీటు తగ్గిస్తేనే అయిదొందలు తగ్గుతాయి.

అన్నం విషయంలో ఇలా మాట్లాడుకోండి. మనిషికి వంద గ్రాముల బియ్యం అనుకుంటే అయిదొందల మందికి 50 కిలోలు. ముందుగా 35 కిలోలే వండించండి. మిగతా 15 కిలోలు కడగకుండా ఉంచి, ఎసరు మాత్రం మరుగుతూ ఉండాలి. వాడిన ప్లేట్లు లెక్కపెడుతూ, మూడొందలు దాటేటప్పటికి హాల్లో ఇంకా జనం ఉంటే అప్పుడు బియ్యం వేయొచ్చు. అరగంటలో అన్నం వస్తుంది. జనం పలచబడితే ఆ బియ్యం బస్తాలోనే ఉంటుంది. బిరియానికి ఇది కుదరదు, దమ్ముకు సమయం పడుతుంది. దాన్ని ఒకే పెద్ద గుండిగలో కాకుండా చిన్న గిన్నెల్లో విడతలుగా వేయించాలి.

కేటరర్ దీనికి ఒప్పుకోవాలంటే బేరం కూడా మారాలి. అయిదొందల ప్లేట్లకు గ్యారంటీ ఇచ్చేస్తే తక్కువ వండాల్సిన అవసరం అతనికి లేదు. నాలుగొందలకు గ్యారంటీ ఇచ్చి, ఆపై వాడిన ప్లేటుకే డబ్బు అని ముందే రాసుకోండి.

ఇంత చేసినా మిగిలితే, గుండిగలో వేడిగా ఉన్న, ఎవరూ చెయ్యి పెట్టని భోజనమే పంచడానికి పనికొస్తుంది. కౌంటర్ మీద గంటల తరబడి చల్లారిన అన్నం, పెరుగు పచ్చడి, కొబ్బరి చట్నీ ఇవ్వకండి. హైదరాబాద్‌లో రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్లు మిగిలిన భోజనం పంచుతారు. ఫోను పెళ్లికి రెండు రోజుల ముందే చేయాలి, అర్ధరాత్రి వంటవాళ్లు గుండిగలు కడిగేటప్పుడు కాదు.